చార్‌ధామ్ ప్యాకేజీ షరతుల తెలుగు అనువాదం: రద్దు, మార్పు, బాధ్యత నిబంధనల అర్థం మారకుండా ఉండాలంటే

ప్రశ్న: మా ఊరి ట్రావెల్స్ వాళ్లు చార్‌ధామ్ ప్యాకేజీ టర్మ్స్ అండ్ కండిషన్స్ ఇంగ్లీషులో ఇచ్చి తెలుగు చేయమన్నారు. చదివేవాళ్లు ఎక్కువగా పెద్దవాళ్లే. క్యాన్సిలేషన్ దగ్గర "15 రోజుల లోపు రద్దు చేస్తే 75% చెల్లించబడుతుంది" అని, లయబిలిటీ దగ్గర "ఎట్టి పరిస్థితుల్లోనూ కంపెనీ బాధ్యత వహించదు" అని రాశాను. చదవడానికి బాగానే ఉంది గానీ రేపు ఎవరైనా గొడవపడితే నా తెలుగు నిలబడుతుందా అని భయంగా ఉంది. ఇంగ్లీషు కాగితం, నా తెలుగు ముసాయిదా జత చేశాను. అర్థం మారకుండా ఎలా చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

సమాధానం:

మీరు జత చేసిన ఇంగ్లీషు పత్రం, తెలుగు ముసాయిదా మొత్తం చదివాను. మీరు ఉదహరించిన రెండు వాక్యాల్లోనూ వ్యాకరణ దోషం లేదు, కానీ మొదటిదానిలో డబ్బు ఎవరి నుంచి ఎవరికి వెళుతుందో లేదు, రెండవదానిలో మూలంలో ఉన్న ఒక మినహాయింపు లేదు. మాటల్లో మనం కర్తను వదిలేసినా ఎదుటివారికి సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. షరతుల పత్రంలో అలా వదిలేసిన చోటును చదివేవారు తమకు అనుకూలంగా, కంపెనీవారు తమకు అనుకూలంగా పూరించుకుంటారు. అందువల్ల ఇటువంటి అనువాదానికి నేను పెట్టుకునే పరీక్ష ఒక్కటే: ఒక కుటుంబం ఫలానా రోజున రద్దు చేసుకున్నదని అనుకుని, ఇంగ్లీషు ప్రకారం ఎన్ని రూపాయలు రావాలో ఒకసారి, తెలుగు ప్రకారం ఎన్ని రావాలో ఇంకొకసారి లెక్క కడతాను. రెండు లెక్కలూ ఒకే అంకె దగ్గర ఆగకపోతే ఆ వాక్యం ఎంత అందంగా ఉన్నా తిరిగి రాయవలసిందే.

మీ పత్రంలోని రద్దు నిబంధననే తీసుకుందాం. మూలం చెబుతున్నది ఇది: రద్దు ఛార్జీని ఒక్కొక్క యాత్రికునికి మొత్తం ప్యాకేజీ ధర మీద లెక్కిస్తారు. రాతపూర్వకమైన సమాచారం కంపెనీ కార్యాలయానికి అందిన తేదీయే లెక్కకు ఆధారం, సెలవు రోజున అందితే ఆ తరువాతి పని దినాన అందినట్లు భావిస్తారు. రోజులు లెక్కించేటప్పుడు బయలుదేరే రోజును కలపరు. 30 రోజుల కంటే ఎక్కువ ముందుగా రద్దు చేస్తే అడ్వాన్సుగా కట్టిన 10,000 రూపాయలు పోతాయి. 30 నుంచి 16 రోజుల మధ్య సగం, 15 నుంచి 8 రోజుల మధ్య 75 శాతం, 7 రోజులు లేదా అంతకంటే తక్కువ ఉన్నప్పుడు, అలాగే చెప్పకుండా రాకపోయినప్పుడు మొత్తం ధర ఛార్జీగా పడుతుంది.

ఇప్పుడు ఒక యాత్రికుని లెక్క వేద్దాం. ప్యాకేజీ ధర 60,000 రూపాయలు, బయలుదేరేది మే 20, ఇప్పటిదాకా కట్టినది 40,000. మే 8న పని వేళల్లో మెయిల్ పంపి రద్దు చేసుకున్నారు, అంటే 12 రోజుల ముందు. ఇంగ్లీషు ప్రకారం ఛార్జీ 60,000లో 75 శాతం, 45,000 రూపాయలు. కట్టినది 40,000 కాబట్టి ఆయనకు రూపాయి కూడా తిరిగి రాదు, పైగా 5,000 బాకీ ఉంటారు. మీ వాక్యం ప్రకారం చదివితే ఏమవుతుంది? "75% చెల్లించబడుతుంది" అంటే కంపెనీ తిరిగి చెల్లిస్తుందని ఒక పెద్దాయన అర్థం చేసుకుంటే, కట్టిన 40,000లో 75 శాతం, అంటే 30,000 రూపాయలు వస్తాయని నమ్ముతారు. కొంచెం జాగ్రత్తగా చదివే ఇంకొకరు ఇది ఛార్జీయేనని గ్రహించినా, కట్టిన మొత్తం మీదే లెక్క అనుకుంటే 10,000 తిరిగి వస్తాయని ఎదురుచూస్తారు. ఒకే వాక్యం నుంచి 30,000 రావాలి, 10,000 రావాలి, 5,000 కట్టాలి అనే మూడు అంకెలు పుట్టాయి. అదే పత్రంలో 50 శాతం ఉన్న పంక్తిని చూస్తే ఈ లోపం సగం దాక్కుంటుంది, ఎందుకంటే పోయేది సగమైనా వచ్చేది సగమైనా ఒకటే. అందుకే పరీక్షించేటప్పుడు ఎప్పుడూ 75 శాతం పంక్తిని ఎంచుకోండి, కట్టిన మొత్తం కూడా పూర్తి ధర కంటే తక్కువగా ఉన్న ఉదాహరణనే తీసుకోండి.

దీనికి పరిష్కారం, శాతం కనిపించిన ప్రతిచోటా దేనిలో శాతమో, ఎవరి దగ్గర ఉండిపోతుందో వాక్యంలోనే చెప్పడం. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "బయలుదేరే తేదీకి 15 నుంచి 8 రోజుల ముందు యాత్రికుడు ప్రయాణాన్ని రద్దు చేసుకుంటే, ఆ యాత్రికుని మొత్తం ప్యాకేజీ ధరలో 75 శాతాన్ని కంపెనీ రద్దు ఛార్జీగా తీసుకుంటుంది. అప్పటివరకు యాత్రికుడు చెల్లించిన మొత్తం ఈ ఛార్జీ కంటే ఎక్కువైతే మిగిలినది కంపెనీ తిరిగి ఇస్తుంది; తక్కువైతే ఆ తేడాను యాత్రికుడు చెల్లించాలి." ఈ రెండవ వాక్యంలోని సంగతి మీ ఇంగ్లీషు మూలంలో 4వ నిబంధన చివర విడిగా ఉంది కాబట్టే ఇక్కడికి తెచ్చాను. మూలంలో ఎక్కడా లేకపోయి ఉంటే, అది ఎంత సహేతుకంగా తోచినా మనంతట మనం చేర్చకూడదు, కంపెనీని అడగాలి.

ఇక్కడే ఒక మాట. ఇటువంటి పత్రాల్లో "మినహాయింపు" అనే పదాన్ని డబ్బు విషయంలో వాడకండి. డబ్బులోంచి కోసుకోవడానికీ, ధరలో తగ్గింపునకూ, నిబంధన నుంచి వెసులుబాటుకూ మనం ఆ ఒక్క పదాన్నే వాడతాం. "75 శాతం మినహాయింపు" అని చదివి రాయితీ ఇస్తున్నారని సంతోషించేవారు నిజంగానే ఉంటారు. నిబంధన వర్తించని సందర్భాలకు మాత్రమే దానిని అట్టేపెట్టుకుని, డబ్బు దగ్గర "తీసుకుంటుంది", "తన వద్ద ఉంచుకుంటుంది", "తిరిగి ఇస్తుంది" అనే సాదా క్రియలు వాడితే గందరగోళం ఉండదు. "బడు" ప్రయోగాలు కూడా ఈ కారణంగానే ప్రమాదకరం. "చెల్లించబడును", "మార్చబడును", "వాపసు చేయబడదు" అన్నప్పుడు పని ఎవరిదో మాయమవుతుంది. ఆఫీసు కాగితాల అలవాటు వల్ల అవి హుందాగా అనిపిస్తాయి గానీ, ఒప్పందంలో ఎవరు అన్నదే ప్రధానం.

రోజుల లెక్క ఇంకా సున్నితమైనది. "15 రోజుల లోపు" అంటే సరిగ్గా 15వ రోజు కలుస్తుందా, కలవదా? అంతకంటే పెద్ద చిక్కు, బయలుదేరడానికి 5 రోజుల ముందు రద్దు చేసినా అది కూడా 15 రోజుల లోపే. అంటే మీ వాక్యం 100 శాతం పడవలసిన రోజులను కూడా 75 శాతంలోకి లాగుతోంది, ఒకే రద్దుకు రెండు పంక్తులు వర్తిస్తున్నాయి. ఒప్పందంలో రెండు అర్థాలకు తావుంటే దానిని రాసిన పక్షానికి వ్యతిరేకంగా చదివే సూత్రం మన న్యాయస్థానాల్లో ఉంది. ఆ నష్టం మీ కంపెనీ మీద పడుతుంది, అడిగేది మాత్రం మిమ్మల్ని. కనుక ప్రతి పంక్తికీ రెండు చివరలూ ఇవ్వండి. మొదటి పంక్తికి "31 రోజులు లేదా అంతకంటే ఎక్కువ రోజుల ముందు", చివరి పంక్తికి "7 రోజులు లేదా అంతకంటే తక్కువ రోజుల ముందు" అని రాస్తే ఖాళీ గానీ, ఒకదానిపై ఒకటి పడటం గానీ ఉండదు.

సరిహద్దు రోజును ఒకసారి దగ్గరగా చూడండి. బయలుదేరేది మే 20 అయితే, ఆ రోజును కలపకుండా వెనక్కి లెక్కిస్తే మే 5కు 15 రోజులు, మే 4కు 16 రోజులు. మే 4 ఆదివారం అనుకుందాం. అమెరికాలో ఉన్న అబ్బాయి విజయవాడలోని తల్లిదండ్రుల కోసం బుక్ చేశాడు, అమ్మకు ఒంట్లో బాగాలేదని ఆ ఆదివారం మెయిల్ పంపాడు. 16 రోజుల ముందే చెప్పాను, సగమే పోతుందని అతని నమ్మకం. మూలం ప్రకారం ఆ మెయిల్ సోమవారం, మే 5న అందినట్లు లెక్క, కాబట్టి 75 శాతం. ఒక్కొక్కరికి 15,000, ఇద్దరికి 30,000 రూపాయల తేడా. "రద్దు చేసిన తేదీ ఆధారంగా" అని తెలుగు చేసినవారు ఈ సంగతి మొత్తాన్నీ నాలుగు మాటల్లో పోగొట్టినట్లే. "రద్దు కోరుతూ రాతపూర్వకంగా పంపిన సమాచారం కంపెనీ కార్యాలయానికి అందిన తేదీ" అని పూర్తిగా రాయాలి. పొడవైనా ఫరవాలేదు, ఒకసారి నిర్వచించి ఆ తరువాత "రద్దు తేదీ" అని వాడుకోవచ్చు. అలా నిర్వచించిన పదాన్ని పత్రమంతా మార్చకుండా వాడటం తప్పనిసరి. ఒకచోట "రద్దు తేదీ", మరొకచోట "రద్దు కోరిన రోజు" అంటే అవి రెండు వేర్వేరు తేదీలన్న వాదనకు దారి ఇచ్చినట్లవుతుంది.

ఈ ఉదాహరణలోనే మరొక చిక్కు కూడా ఉంది. బుక్ చేసి డబ్బు కట్టినవాడు కొడుకు, ప్రయాణించేవారు తల్లిదండ్రులు. మీ మూలం ఈ ఇద్దరినీ వేరు చేసింది: షరతులు అందరికీ వర్తిస్తాయి, డబ్బు మాత్రం కట్టిన ఖాతాకే తిరిగి వెళుతుంది. మీ ముసాయిదాలో రెండింటికీ "ప్రయాణికుడు" అనే ఉంది. "బుక్ చేసిన వ్యక్తి", "యాత్రికుడు" అని రెండు పదాలు నిలుపుకోండి. అలాగే ఒకే గదిని ఇద్దరు పంచుకునే లెక్కన ధర కట్టినప్పుడు ఒకరు మానుకుంటే, మిగిలినవారు ఒంటరి గది అదనపు ధర కట్టాలని 4.6లో ఉంది. మీరు దానిని "గది ఛార్జీలు మారవచ్చు" అని మెత్తబరిచారు. అమ్మ మానుకుని నాన్న ఒక్కరే వెళితే రిషికేశ్‌లో గది తాళం ఇచ్చేటప్పుడు వినవలసిన వార్త కాదది.

రద్దు విషయంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు, ఎవరు రద్దు చేశారన్నది కలిసిపోవడం. మీ పత్రంలో 4వ నిబంధన యాత్రికుడు రద్దు చేసుకోవడం గురించి, 5వది కంపెనీ రద్దు చేయడం గురించి. కంపెనీయే రద్దు చేస్తే కట్టిన మొత్తమంతా తిరిగి ఇస్తుంది, లేదా యాత్రికుడు కోరితే మరో తేదీకి మారుస్తుంది. మీ తెలుగులో రెండు నిబంధనలూ "యాత్ర రద్దయిన పక్షంలో" అనే మొదలయ్యాయి. అప్పుడు తగినంత మంది దొరక్క కంపెనీ బస్సు ఆపేసినా, యాత్రికుడి నుంచి 75 శాతం కోయవచ్చన్న అర్థానికి చోటు దొరుకుతుంది. "యాత్రికుడు తన ప్రయాణాన్ని రద్దు చేసుకుంటే", "కంపెనీ యాత్రను రద్దు చేస్తే" అని విడగొట్టండి. ఎంపిక ఎవరిదన్నది కూడా ఇక్కడ జాగ్రత్తగా రాయాలి. మూలంలో వాపసా, మరో తేదీయా అన్నది యాత్రికుడి ఇష్టం. "డబ్బు వాపసు లేదా వేరే తేదీ ఇస్తుంది" అంటే అది కంపెనీ ఇష్టమవుతుంది.

ఇక మార్పు నిబంధన. చార్‌ధామ్ యాత్రలో ఇది ఊరికే ఉండే నిబంధన కాదు. వర్షాకాలంలో కొండచరియలు విరిగిపడి యమునోత్రి, గంగోత్రి దారులు మూసుకుపోవడం, ఫాటా, సెర్సీ, గుప్తకాశీల నుంచి కేదార్‌నాథ్‌కు వెళ్లే హెలికాప్టర్లు మేఘాలు కమ్మగానే ఆగిపోవడం ఆ ప్రాంతంలో మామూలు. కాబట్టి ఈ నిబంధనను యాత్రికులు నిజంగా చదివేది గుప్తకాశీలో హోటల్ గదిలో, బయట వాన పడుతుండగా. మూలం మూడు పనులు చేసే అధికారాన్ని కంపెనీకి ఇచ్చింది: కార్యక్రమాన్ని మార్చడం, కుదించడం, ఒక చోటికి బదులు మరొక చోటు చూపించడం. మీరు "యాత్రా కార్యక్రమంలో మార్పులు ఉండవచ్చు" అని రాశారు. ఇందులో కుదింపు పోయింది. నాలుగు ధామాలకు బదులు మూడే చూపించి వెనక్కి తీసుకువస్తే "మార్పు అన్నారు గానీ తగ్గిస్తామని అనలేదు కదా" అని అడిగే హక్కు తెలుగు చదివినవారికి ఉంటుంది. పైగా "ఉండవచ్చు" అనేది వాతావరణ సూచనలాగా ఉంది, అధికారం ఎవరిదో చెప్పడం లేదు. "ఈ కారణాల వల్ల కంపెనీ యాత్రా కార్యక్రమాన్ని మార్చవచ్చు, కుదించవచ్చు లేదా ఒక ప్రదేశానికి బదులు మరొక ప్రదేశాన్ని చేర్చవచ్చు" అంటే సరిపోతుంది.

ఆ కారణాల జాబితాను "ప్రకృతి వైపరీత్యాలు" అనే ఒక్క మాటలో కుదించడం కూడా సరికాదు. మూలంలో కొండచరియలు, వాతావరణం, రోడ్డు మూసివేతతో పాటు ప్రభుత్వ ఉత్తర్వు, సమ్మె, కంపెనీ తగిన జాగ్రత్త తీసుకున్నా అదుపు చేయలేని ఇతర ఘటనలు ఉన్నాయి. జిల్లా యంత్రాంగం రద్దీ కారణంగా యాత్రికులను సోన్‌ప్రయాగ్‌లో ఆపేస్తే అది ప్రకృతి వైపరీత్యం కాదు, కానీ మూలం ప్రకారం ఈ నిబంధన కిందికే వస్తుంది. "దైవాధీనం" అనే మాట కూడా చాలామంది వాడతారు. భక్తులకు ఇంపుగా ఉంటుంది గానీ సమ్మెను దైవం మీద వేయలేం. మరోవైపు, "తగిన జాగ్రత్త తీసుకున్నా" అన్న భాగం యాత్రికుడికి రక్షణ. అది వదిలేస్తే బస్సుకు ముందుగా మరమ్మతు చేయించకపోవడం కూడా అదుపులో లేని ఘటన అయిపోతుంది. ఒకే వాక్యంలో ఒక మాట కంపెనీకి, మరొక మాట యాత్రికుడికి పనికివస్తుంది. మనం ఎవరి తరఫునా తీసేయడానికి లేదు.

మార్పు వల్ల అయ్యే అదనపు ఖర్చు, చూడలేకపోయిన ప్రదేశాల డబ్బు గురించి 6.3లో ఉన్న వాక్యం నా దృష్టిలో ఈ పత్రంలో అన్నిటికంటే కష్టమైనది. హోటల్, రవాణా, హెలికాప్టర్ సంస్థల నుంచి కంపెనీ ఏదైనా రాబట్టుకోగలిగితే, రాబట్టిన మేరకు, అందుకు నిజంగా అయిన ఖర్చు తీసేసి యాత్రికుడికి ఇస్తుందని దాని భావం. మీ తెలుగు: "సంబంధిత సంస్థల నుంచి డబ్బు వచ్చిన తర్వాత యాత్రికులకు అందజేస్తాము." ఇక్కడ షరతు కాస్తా కాలంగా మారిపోయింది. "వచ్చిన తర్వాత" అంటే రావడం ఖాయం, ఎప్పుడన్నదే ప్రశ్న. గుప్తకాశీలో రెండు రోజులు ఎదురుచూసి హెలికాప్టర్ ఎగరక వెనక్కి వచ్చిన కుటుంబం ఆ వాక్యాన్ని పట్టుకుని డబ్బు అడిగితే తప్పు వారిది కాదు. "వాడని సేవలకు సంబంధించి ఆ సంస్థల నుంచి కంపెనీ డబ్బు రాబట్టగలిగితే, రాబట్టిన మేరకు మాత్రమే, అందుకు వాస్తవంగా అయిన ఖర్చు తీసుకుని మిగిలినది యాత్రికునికి ఇస్తుంది" అని రాయండి. "మేరకు మాత్రమే" అనే మాటే పరిమితిని నిలబెడుతోంది. "వాస్తవంగా" కూడా అంతే, దాన్ని తీసేస్తే కంపెనీ తనకు తోచినంత సేవా రుసుము పట్టుకోవచ్చన్న అర్థం వస్తుంది. ఇక రీఫండ్, క్రెడిట్ నోట్ రెండింటికీ "వాపసు" అని రాయవద్దు. క్రెడిట్ నోట్ అంటే తరువాతి యాత్రకు వాడుకునే కాగితం, బ్యాంకులో పడే డబ్బు కాదు. ఆ పేరునే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో వివరించండి.

చివరగా బాధ్యత నిబంధన. "బాధ్యత" అనే మాట మన దగ్గర రెండు పనులు చేస్తుంది. ఒకటి చూసుకోవలసిన విధి, మరొకటి నష్టానికి డబ్బు చెల్లించవలసిన చట్టబద్ధమైన భారం. "కంపెనీ బాధ్యత వహించదు" అంటే సామాను గానీ మనుషులను గానీ అసలు పట్టించుకోరన్నట్లు కొందరికి వినిపిస్తుంది. మూలం మాట్లాడుతున్నది రెండవ అర్థం గురించే కాబట్టి "నష్టపరిహార బాధ్యత" అని స్పష్టం చేయాలి. అయితే మీ వాక్యంతో అసలు సమస్య ఈ పదం కాదు, "ఎట్టి పరిస్థితుల్లోనూ" అన్నది. మూలంలో మూడు వేర్వేరు అంశాలు ఉన్నాయి. స్వతంత్రంగా సేవలందించే సంస్థల చర్యలకు కంపెనీ పూచీ కాదు. కానీ కంపెనీ లేదా దాని ఉద్యోగుల నిర్లక్ష్యం ఉంటే ఈ రక్షణ పనిచేయదు. ఏది ఏమైనా చెల్లించవలసిన మొత్తానికి ఒక గరిష్ఠ హద్దు ఉంది. హద్దు ఉన్న చోట మూలంలో వాడిన "ఏ సందర్భంలోనైనా" అనే మాటను మీరు పైకి తెచ్చి, చెల్లించకపోవడానికి తగిలించారు. అంటే హద్దు కాస్తా సంపూర్ణ నిరాకరణ అయింది. ఇది యాత్రికుడికి ఉన్న హక్కును లేదని చెప్పడమే.

ఈ మూడింటినీ ఒకే వాక్యంలో చెప్పాలని ప్రయత్నించకండి. తెలుగులో విశేషణ వాక్యాలన్నీ నామవాచకానికి ముందే రావాలి. "కంపెనీ నిర్లక్ష్యం వల్ల కలిగినవి తప్ప హోటళ్లు, రవాణా సంస్థల చర్యల వల్ల కలిగిన గాయం, నష్టం, ఆలస్యానికి" అని మొదలుపెడితే "నిర్లక్ష్యం వల్ల" అన్నది గాయానికి మాత్రమేనా, ఆలస్యానికి కూడానా అన్నది తేలదు. నేనైతే ఇలా విడగొడతాను:

"7.1 హోటళ్లు, వాహన యజమానులు, హెలికాప్టర్ సంస్థలు, గుర్రాలు, డోలీలు నడిపేవారు స్వతంత్రంగా సేవలు అందించేవారు. వారి సేవలను బుక్ చేయడంలో కంపెనీ ఏజెంటుగా మాత్రమే వ్యవహరిస్తుంది.

7.2 వారు చేసిన పని వల్ల గానీ, చేయవలసిన పని చేయకపోవడం వల్ల గానీ యాత్రికునికి గాయం, నష్టం, ఆలస్యం లేదా అదనపు ఖర్చు కలిగితే, దానికి కంపెనీ నష్టపరిహార బాధ్యత వహించదు. అయితే ఆ గాయం, నష్టం, ఆలస్యం లేదా అదనపు ఖర్చు కంపెనీ లేదా దాని ఉద్యోగుల నిర్లక్ష్యం వల్ల కలిగినప్పుడు ఈ రక్షణ కంపెనీకి వర్తించదు.

7.3 ఏ సందర్భంలోనైనా, ఒక యాత్రికునికి కంపెనీ చెల్లించవలసిన నష్టపరిహారం ఆ యాత్రికుని కోసం కంపెనీకి అందిన ప్యాకేజీ ధరను మించదు."

నాలుగు నామవాచకాలను రెండుసార్లు చెప్పడం శైలిపరంగా చప్పగా ఉంటుంది, కానీ ఆ పునరుక్తి వల్లే మినహాయింపు దేనిదేనికి వర్తిస్తుందో నిస్సందేహంగా తెలుస్తుంది. గౌరీకుండ్ నుంచి పైకి వెళ్లేటప్పుడు గుర్రం వాడు జాగ్రత్తగా లేక ఒకరు పడిపోయారనుకోండి, అది 7.2 మొదటి వాక్యం. అనారోగ్యం ఉందని రాసి ఇచ్చినా మీ కంపెనీ టూర్ మేనేజరు పట్టించుకోకుండా ఆయనను గుర్రం ఎక్కించి పంపి ఉంటే అది రెండవ వాక్యం. మీ అనువాదం ఈ రెండు సందర్భాలకూ వేర్వేరు జవాబులు ఇవ్వగలగాలి.

7.3లో ఒక నిజమైన సందిగ్ధం ఉంది: కంపెనీ నిర్లక్ష్యం వల్ల ప్రాణాపాయం కలిగినా ఈ హద్దేనా? ఇంగ్లీషులోనే అది తేలలేదు. అటువంటి చోట తెలుగులో ఒక వైపు తేల్చేయడం అనువాదకుని పని కాదు. తేలనిదాన్ని తేలనట్లే ఉంచి, కంపెనీకి ఒక చీటీ రాయండి. ఆ చీటీలోనే, అన్యాయమైన షరతులుగా కనిపించినవాటినీ పేర్కొనవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(46), జరిగిన నష్టంతో ఏమాత్రం పొంతన లేని జరిమానా వేసే షరతును, సహేతుకమైన కారణం లేకుండా ఏకపక్షంగా ఒప్పందాన్ని ముగించే అధికారమిచ్చే షరతును అన్యాయ ఒప్పందాల్లో చేర్చింది. మీ పత్రంలో వివాదాలు హైదరాబాద్ కోర్టుల్లోనే తేలాలని ఉంది. అదే చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. ఇవన్నీ తెలిసినా అనువాదంలో "హైదరాబాద్ కోర్టుల్లో మాత్రమే" అన్నదానిలోంచి "మాత్రమే" తీసేయడానికి వీల్లేదు. మార్చాలా వద్దా అన్నది కంపెనీ, దాని వకీలు తేల్చుకోవలసినది. కఠినమైన షరతుకు ముందు "దయచేసి గమనించగలరు", తరువాత "సహకరించగలరు" అని చేర్చి తీపి చేయడం కూడా అలాంటి జోక్యమే. అది చదివినవారికి విన్నపంలా కనిపిస్తుంది, విన్నపాన్ని ఎవరైనా కాదనవచ్చు.

పూర్తయ్యాక తెలుగు నుంచి తిరిగి ఇంగ్లీషు చేయించి పోల్చడం చాలామంది చెప్పే పద్ధతి. నాకు దానిపై పెద్ద నమ్మకం లేదు. విషయం తెలిసిన అనువాదకుడు తెలుగులోని ఖాళీలను తెలియకుండానే సరిగ్గా పూరించి, లోపం లేనట్లు చూపిస్తాడు. దానికి బదులు, ఇంగ్లీషు పత్రం అసలు చూడని, ట్రావెల్ వ్యాపారంతో సంబంధం లేని ఒక పెద్దవారికి మీ తెలుగు ఒక్కటే ఇచ్చి ప్రశ్నలు వేయండి. మే 4 ఆదివారం మెయిల్ పంపితే ఎంత పోతుంది? 40,000 కట్టి 12 రోజుల ముందు మానుకుంటే ఎంత వస్తుంది? మనుషులు చాలక కంపెనీయే ఆపేస్తే ఎంత వస్తుంది? హెలికాప్టర్ ఎగరకపోతే డబ్బు ఖాయంగా వస్తుందా? గుర్రం మీద నుంచి పడితే ఎవరిని అడగాలి? వారు చెప్పిన అంకెలను ఇంగ్లీషు ప్రకారం మీరు కట్టిన లెక్కతో సరిచూడండి. తప్పు చెబితే వారికి వివరించకండి, ఆ వాక్యాన్ని తిరిగి రాసి మరొకరికి ఇవ్వండి. ఒకసారి వివరణ విన్న మనిషి ఆ తరువాత మీ వాక్యాన్ని చదవడు, మీరు చెప్పినదాన్ని గుర్తు చేసుకుంటాడు.

రెండు భాషల్లో తేడా వస్తే ఏది చెల్లుతుందన్న వాక్యం మీ ఇంగ్లీషు పత్రంలో లేదు. దాన్ని మీరు చేర్చవద్దు, కంపెనీని అడిగి, వారు రాసి ఇస్తే ఆఖరి పేజీలో కాకుండా మొదటి నిబంధనకు పైనే పెట్టండి. నిబంధనల అంకెలు రెండు ప్రతుల్లోనూ ఒకటే ఉండాలి, తెలుగులో వాక్యాలు విడగొట్టినా 4.6 అనేది 4.6గానే నిలవాలి. చార్‌ధామ్ ఆలయాలు ఏటా అక్షయ తృతీయ ప్రాంతంలో తెరుచుకుంటాయి, దానికి ముందే ట్రావెల్స్ వాళ్లు కొత్త ధరలతో ఇంగ్లీషు పత్రాన్ని దిద్దుతారు, తెలుగు ప్రతి పాత శాతాలతోనే కౌంటర్లో ఉండిపోతుంది. ప్రతి పేజీ అడుగున "ఫలానా తేదీ నాటి ఇంగ్లీషు ప్రతికి అనువాదం" అని ఇప్పుడే వేయండి. ఆ తేదీ పాతదైతే ఆ ప్రతిని ఎవరికీ ఇవ్వవద్దని కౌంటర్లో కూర్చునేవారికి చెప్పించండి.